బోనాల వారంలో పట్టిన నీళ్లు

నా వ్యాసంలో మొదటి వాక్యం ఇది: "ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను నీళ్ల నమూనాలు పట్టిన వారం తప్పు వారం." ఇంగ్లీషులో రాసిందాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. పీహెచ్‌డీకి డబ్బులిమ్మని అడిగే వ్యాసాన్ని ఎవరైనా ఇలా మొదలుపెడతారా అని మలక్‌పేటలో ఒక సారు తల పట్టుకున్నారు. ఎవరూ పెట్టరేమో నాకు తెలీదు. నేను పెట్టాను. ఆయన తీసేస్తే మళ్లీ పెట్టాను.

సంగతి మొదటినుంచి చెబుతాను. ఆ ఏడాది నెట్ పరీక్ష పాసయ్యాను కానీ జేఆర్ఎఫ్ రాలేదు. అంటే పీహెచ్‌డీలో చేరడానికి అర్హత ఉంది, నెలనెలా చేతికొచ్చే ఫెలోషిప్ మాత్రం లేదు. యూనివర్సిటీలో సీటు వచ్చింది. చాంద్రాయణగుట్ట దగ్గర నీళ్లు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో నాకు ఉద్యోగం ఉంది. సీటు కావాలంటే ఉద్యోగం వదలాలి. ఉద్యోగం వదిలితే రేపు బాపు, అంటే మా నాన్న, రిటైరయ్యాక ఇల్లు ఎట్లా నడుస్తుంది? అప్పుడే ఒక ట్రస్టు ప్రకటన కనిపించింది. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన పిల్లలకు పీహెచ్‌డీ అయ్యేదాకా ఫెలోషిప్ ఇస్తారట. రెండు వ్యాసాలు రాయాలి. ఈ పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నావు అనేది ఒకటి, దానికి నీకున్న తయారీ ఏమిటి అనేది రెండోది. ఆ ఫెలోషిప్ వస్తే చేరతాను, రాకపోతే సీటు వదిలేస్తాను. నా లెక్క అంత సులువుగా ఉంది, అంత గట్టిగానూ ఉంది.

ఇప్పుడు ఆ తప్పు వారం సంగతి.

మేముండేది ఛత్రినాకలో. మా గల్లీకి నల్లా నీళ్లు దినం తప్పి దినం వస్తాయి. వచ్చిన రోజు మోటర్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి, ఆడవాళ్లంతా పైపులు పట్టుకుని డ్రమ్ముల చుట్టూ తిరుగుతారు. ఆ డ్రమ్ములో నీళ్లే మళ్లీ నల్లా వచ్చేదాకా తాగడానికీ వండుకోవడానికీ. ఎమ్మెస్సీలో ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు మా మేడం, "నడుచుకుంటూ పోయి శాంపిల్ తెచ్చుకోగలిగేది చూసుకో" అన్నారు. నాకు తోచింది మా గల్లీ డ్రమ్ములే. చిన్నప్పటి కల కాదు, సమాజసేవా కాదు. దగ్గర్లో ఉంది, డిపార్ట్‌మెంట్‌లో నీళ్లు పరీక్షించే కిట్టు ఉంది, అంతే.

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు. నల్లా నీళ్లలో క్లోరిన్ కలిపి పంపుతారు. అది డ్రమ్ములో ఎంత మిగిలిందో చూడాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి పొడి వేస్తే, క్లోరిన్ ఎంతుంటే అంత గులాబీ రంగు తేలుతుంది. ఇది అక్కడికక్కడే చూడాలి, ఆలస్యం చేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. సూక్ష్మక్రిముల కోసం ఇంకో సీసాలో పట్టి, ఐస్ డబ్బాలో పెట్టుకుని అదే రోజు ల్యాబుకు చేర్చాలి. మా గల్లీ, వెనక గల్లీ కలిపి నలభై ఇళ్లు తీసుకున్నాను. మా గల్లీలో ఎక్కువమంది ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తేవాళ్లు, వెనక గల్లీలో ఎక్కువమంది ముస్లింలు. రెండూ ఒకే పైపులైను మీద ఉన్నాయి.

పగలు తలుపు కొడితే ఎవరూ దొరికేవాళ్లు కాదు. అంతా పనుల మీద పోతారు. అందుకని పాతబస్తీ బోనాల వారం చూసుకున్నాను. ఆ వారం అందరూ ఇంటి దగ్గరే ఉంటారు, తలుపులు తెరిచే ఉంటాయి, చుట్టాలొస్తారు, అడిగినవాళ్లకు కాదనే వాళ్లుండరు. నీళ్ల సీసాతో పోయినదాన్ని పులిహోర పొట్లంతో పంపారు. నా అంత తెలివైనది లేదనుకుని తెగ మురిసిపోయాను.

ఫలితాలు వచ్చాయి. గ్రాఫు గీస్తే కళ్లు చెదిరాయి. మా గల్లీ డ్రమ్ముల్లో క్లోరిన్ బాగానే మిగిలింది. వెనక గల్లీ డ్రమ్ముల్లో చాలాచోట్ల మిగలలేదు, కొన్నింట్లో క్రిములు కూడా ఉన్నాయి. ఒకే పైపు, ఒకే నీళ్లు, మధ్యలో ఒక్క గోడ. ఆ గ్రాఫు చూసిన ఎవరైనా ఏమంటారో నాకు ఆ క్షణమే అర్థమైంది. ఈ ఊళ్లో అలాంటి మాట అనడానికి సిద్ధంగా కూర్చున్నవాళ్లు తక్కువేం లేరు. "చూసినవా, వాళ్లు గట్లనే" అంటారు. నా పేరు కింద, నా గ్రాఫు చూపించి అంటారు.

 ఆ వెనక గల్లీలోనే నేను ట్యూషన్ చదువుకున్నాను. ఆ ఇళ్లు ఎంత శుభ్రంగా ఉంటాయో నాకు తెలుసు. మరి నంబర్లు ఎందుకు ఇలా వచ్చాయి? ఆలోచిస్తూ నా చేతులు చూసుకున్నాను. వేళ్ల మధ్య చర్మం ఇంకా గరుకుగానే ఉంది. బోనాలకు ముందు మా డ్రమ్ము లోపలికి సగం దిగి, చీపురుపుల్లలతో, అవి అందనిచోట గోళ్లతో పాచి గీకింది నేనే. ఇల్లు కడిగి, సున్నం వేసి, గిన్నెలు తోమి, డ్రమ్ములన్నీ బోర్లించి రుద్దితే గానీ మా గల్లీలో ఎవరూ బోనం వండరు. పాచి లేని డ్రమ్ములో క్లోరిన్ నిలబడుతుంది. పాచి ఉంటే అది క్లోరిన్‌ను తినేస్తుంది. నేను కొలిచింది మనుషులను కాదు, పండుగను.

అదే రోజు వెనక గల్లీకి పోయి, ట్యూషన్ రోజుల నుంచీ నాకు చాయ్ పోసే, నేను ఖాలా అని పిలిచే పెద్దావిడను అడిగాను, డ్రమ్ము ఎప్పుడు కడిగారని. ఆమె పకపకా నవ్వింది. "అబ్ ఆయే క్యా దేఖ్నే? రంజాన్ కే పైలే ఆనా థా నా బేటీ!" చూడాలంటే రంజాన్ ముందు రావాల్సింది, ఇప్పుడొచ్చి ఏం చూస్తావని. రంజాన్ ముందు వాళ్ల గల్లీలో డ్రమ్ములు బోర్లిస్తారు. అప్పుడు వచ్చి ఉంటే నా గ్రాఫు తలకిందులయ్యేది. అప్పుడు మా గల్లీ మురికి గల్లీ అయ్యేది.

మేడంకు చెప్పాను. ఆమె గ్రాఫును కాసేపు చూసి, "పరిమితులు అన్న భాగంలో రాయి, గల్లీల మధ్య పోలిక మొత్తం తీసెయ్" అన్నారు. తీసేశాను. మార్కులు మామూలుగా వచ్చాయి. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పండుగకూ పండుగకూ మధ్య ఆ డ్రమ్ముల్లో ఏం జరుగుతుంది? ఎండాకాలంలో ఎట్లా ఉంటుంది? ఒక్కరోజు పోయి పట్టిన సీసాను నమ్మి ఎన్ని ఇళ్ల గురించి ఎన్ని మాటలు రాసి ఉంటారు? నిజం చెప్పాలంటే తప్పు దొరికిన ఆ రోజే నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు అది ఉత్త ప్రాజెక్టు.

ఏ గల్లీలో ఎవరుంటారన్నది తప్ప, ఇదే నా వ్యాసం. ఇదే రాసి మలక్‌పేట సారు దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు ఇంగ్లీషు లెక్చరరు. విదేశాలకు పోయేవాళ్లకూ స్కాలర్‌షిప్పులకు పెట్టుకునేవాళ్లకూ వ్యాసాలు దిద్దిపెడతారు. చెడ్డమనిషి కాదు. నా వ్యాకరణం తప్పులు ఒక్కొక్కటీ ఎర్రపెన్నుతో చూపించి, ఎందుకు తప్పో చెప్పేవారు. మా ఇంట్లో ఆ పని చేయగలిగేవాళ్లు లేరు కాబట్టి ఆ మేలు నేను మరచిపోను. కానీ మొదటి వాక్యం చదవగానే ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏంటమ్మా ఇది? మొదటి లైన్లోనే తప్పు చేశానని చెప్పుకుంటావా? పెళ్లిచూపుల్లో కూర్చుని నాకు కోపమెక్కువండీ అన్నట్టుంది."

"ఉన్నదే రాసిన సార్. నా ప్రశ్న అండ్లకెల్లే వచ్చింది."

"ప్రశ్న తర్వాత. ముందు వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరగాలి. నువ్వు ఫస్ట్ జనరేషన్, పాతబస్తీ, ఆడపిల్ల. ఇంత సరుకు పెట్టుకుని డ్రమ్ములూ పాచీ అంటావేంటి?"

సరుకు! ఆ మాట నాకు తేలు కుట్టినట్టు తగిలింది. అయినా అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి అడిగే పద్ధతి ఈయనకే తెలుసేమో అనుకున్నాను. ట్రస్టువాళ్లు సూచనల్లోనే రాశారు కదా, గొప్పలు వద్దు, చేసింది మాత్రమే చెప్పమని, అని గుర్తు చేశాను.

"అందరికీ అలాగే చెబుతారమ్మా. భోజనాల దగ్గర మొహమాటపడొద్దు అంటారు, అంటే మొహమాటపడకుండా తింటామా?" అని నవ్వి, "రెండ్రోజులాగు, నేను కాస్త మెరుగుపెట్టి పంపిస్తా" అన్నారు.

మెరుగుపెట్టిన కాపీ ఆదివారం పొద్దున ఫోన్‌కు వచ్చింది. మా బాపు బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం సెలవు దొరికితే గడప మీద కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి ధరల పట్టీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడు. తొమ్మిదో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు రాదు. "ఏమొచ్చింది బిడ్డా? చదువు, మేము గూడ ఇంటం" అన్నాడు. అమ్మ కుట్టుమిషన్ ఆపింది. నేను ఫోన్ చూస్తూ తెలుగులోకి మార్చి చదవడం మొదలుపెట్టాను. ముందు నేనొకసారి చూసుకుని ఉండాల్సింది. చూసుకోలేదు.

"మురికివాడలో, ఆకలి మధ్య పుట్టిన నేను, నిరక్షరాస్యులైన తల్లిదండ్రుల..." అని ఆగిపోయాను.

"చదువు" అన్నాడు బాపు.

చదివాను. బాపు రోజుకూలీ అయ్యాడు. అమ్మ ఇళ్లల్లో పాచిపని చేస్తోంది. నేను వీధిదీపం కింద చదువుకున్నాను. చిన్ననాడే మురికి నీళ్లకు తమ్ముడు చచ్చిపోయాడు. నాకు తమ్ముడే లేడు. నలభై ఇళ్లు వందల ఇళ్లయ్యాయి. చివర్లో నా పరిశోధన పాతబస్తీ నీటి కష్టాన్ని తీరుస్తుందని ఉంది. మధ్యలో, నేను తీసేసిన ఆ గల్లీల పోలిక మళ్లీ వచ్చి కూర్చుంది, "సామాజిక వర్గాల మధ్య ఆశ్చర్యకరమైన తేడా" అని. ఏ గల్లీలో ఎవరుంటారో ఎప్పుడో పొరపాటున ఆయనకు నోటిమాటగా చెప్పాను.

 బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నిన్ను ఎన్నడన్న పస్తులుంచిన్నా బిడ్డా?"

"లేదు బాపు."

"నాకు చదువొస్తదా, రాదా?"

"వస్తది."

"మరి గిదేంది? నెల నెల జీతమొచ్చే నౌకరి నాది. నేను చెయ్యి పెట్టిన బండి నడిరోడ్డు మీద ఆగిందంటే నాకు బువ్వ సయించది. గసుంటోన్ని కూలోన్ని చేసిండు. కూలి చేసుడు తప్పని అంటలేను. కానీ నేను గాదు గదా! ఆ పోరడు ఎవడు, సచ్చిన తమ్ముడు? మీ అమ్మ మొకం జూడు."

అమ్మ ముఖం చూడలేకపోయాను. నా తర్వాత ఆమెకు ఒకసారి కడుపు పోయింది. ఆ సంగతి సారుకు తెలీదు, ఆయన ఊరికే ఒక తమ్ముణ్ణి పుట్టించి చంపాడు. అమ్మ లేచి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఇక్కడ చెప్పాల్సింది నేను, లోకువైంది కూడా నేనే. వాళ్లు నాకు డబ్బులిస్తే ఎవరికిచ్చినట్టు? లేని తమ్ముడి అక్కకు ఇచ్చినట్టు. ఆ అక్క నేను కాదు. రేపు ఇంటర్వ్యూలో ఆమె బదులు నేను పోయి కూర్చోవాలి. ఆ గల్లీల పోలిక గురించి అడిగితే ఖాలా ఇంటి మీద నేను సాక్ష్యం చెప్పాలి. చావనైనా చస్తాను గానీ ఆ పని చేయను అనుకున్నాను.

మర్నాడు మలక్‌పేట పోయి, నా వ్యాసం నేనే పంపుకుంటానని చెప్పాను. సారు నొచ్చుకున్నారు. "నీ మంచికే చేశానమ్మా. పోటీ ఎలా ఉంటుందో నీకు తెలీదు. పక్కవాడు కొండంత చేసి రాస్తాడు, నువ్వు గోరంత రాస్తే గోరంతే కనపడుతుంది."

"గోరంతనే ఉన్నది సార్. గోరుతోనే గీకిన డ్రమ్ము" అన్నాను. మర్యాదగానే అన్నాను, గొంతు మాత్రం లేచింది.

తర్వాత వారమంతా ల్యాబు నుంచి వచ్చి రాసుకున్నాను. మేడం రెఫరెన్సు ఉత్తరం రాయడానికి ఒప్పుకుని ఒక్క సలహా ఇచ్చారు: "చేసింది రాయి. రానిది రాదని రాయి. చేయబోయేది ఒక్క మనిషి చేయగలిగినంతే రాయి." రెండో వ్యాసం, తయారీ గురించినది, ఆ సలహా మీదే కట్టాను. నాకు వచ్చినవి: క్లోరిన్ పరీక్ష, క్రిముల పరీక్ష, సీసాలు శుద్ధి చేయడం, ఒట్టి శుద్ధజలం కూడా పక్కన పెట్టి పరీక్షించి నా పనిలో మురికి చేరలేదని సరిచూసుకోవడం. ఇవి ల్యాబు ఉద్యోగంలో రోజూ చేసే పనులు. రానిది: ఒకే ఇంటిని మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు ఆ లెక్కలు కట్టే గణాంకశాస్త్రం. ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొదలుపెట్టాను, సగంలో ఉన్నాను, మొదటి పరీక్ష తప్పాను అని రాశాను. తప్పానని రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. రాసి, ఆ అధ్యాయం మళ్లీ చదువుతున్నానని కలిపాను.

మొదటి వ్యాసంలో బాపు, అమ్మల గురించి ఒక్క వాక్యమే పెట్టాను: మా నాన్న బస్సు డిపోలో మెకానిక్, మా అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది, వాళ్లిద్దరూ కాలేజీకి పోలేదు. ఫస్ట్ జనరేషన్ అంటే నాకు ఏం లేకపోయింది? తిండి కాదు. అడగడానికి మనిషి లేకపోయాడు. పీహెచ్‌డీ చేసేవాళ్లకు జీతంలాంటిది వస్తుందని నాకు ఎమ్మెస్సీ చివర్లో గానీ తెలీదు. ప్రొఫెసర్‌కు ముందుగా మెయిల్ రాయొచ్చని తెలీదు. అదే రాశాను. చేయబోయేది కూడా అంతే: అవే రెండు గల్లీలు, ఒప్పుకున్న ఇళ్లు, నెలనెలా, రెండేళ్ల పాటు, నల్లా నీళ్లు ఒక సీసా, డ్రమ్ము నీళ్లు ఒక సీసా, డ్రమ్ము చివరిసారి ఎప్పుడు కడిగారన్న ప్రశ్న. పండుగల ముందూ తర్వాతా కూడా. నీటి కష్టం తీరుస్తానని రాయలేదు. ఏ రోజు కొలిస్తే ఏం తేలుతుందో తెలిస్తే, తర్వాత కొలిచేవాళ్లు నాలా మోసపోరు అని రాశాను.

పంపేముందు బాపుకు తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "డిపో అని రాసినవ్ గదా? సరే పంపు" అన్నాడు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, ఆన్‌లైన్‌లో. నా ఖర్మకు అది నల్లా వచ్చే రోజు పడింది. తెర మీద ముగ్గురు కనిపించారు, ఒక పెద్దాయన, ఇద్దరు మేడంలు. నేను నమస్కారం పెట్టేలోగా గల్లీలో మోటర్లన్నీ లేచాయి. అమ్మ బయట ఎవరితోనో పైపు కోసం లొల్లి పెట్టుకుంటోంది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?" అన్నారు పెద్దాయన ఇంగ్లీషులో.

"నీళ్లొచ్చాయి సార్. దీని గురించే నేను రాసింది."

ఒక మేడం నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నా వ్యాసం చేతిలో పట్టుకుని ఉన్నారు. "మీ ఎమ్మెస్సీ ఫలితాలు నమ్మదగినవి కావని మీరే రాశారు. అంటే ఇప్పటికి ఆ నీళ్లు మంచివో కావో మీరు చెప్పలేరు?"

"చెప్పలేను సార్."

"మరి మీకు ఎందుకివ్వాలి?"

అప్పటిదాకా నేను కంఠస్థం చేసిన ఇంగ్లీషంతా ఎటో పోయింది. మిగిలిన ముక్కలతోనే చెప్పాను. "ఇప్పుడే చెప్పగలిగితే మీ డబ్బులెందుకు సార్ నాకు? చెప్పగలిగేలా కొలవడానికే అడుగుతున్నాను. ఆ గ్రాఫు నేను ఉన్నదున్నట్టు అచ్చేయించి ఉంటే ఈపాటికి మా పొరుగువాళ్లకు చెడ్డపేరు వచ్చేది. అది తప్పని నేను కనిపెట్టాను. ఇంకెవరూ కనిపెట్టలేదు." అన్న తర్వాత గానీ నా గొంతు ఎంత పెద్దదైందో తెలియలేదు. మోటర్ల చప్పుడు మీద మాట్లాడుతున్నాను కదా, అదీ ఒక కారణం.

రెండో మేడం మెల్లగా అడిగారు, చదువుకోవడానికి ఎన్ని కష్టాలు పడ్డావమ్మా అని. ఆ గొంతులో జాలి ముందే సిద్ధంగా ఉంది. నాకు సారు మాట గుర్తొచ్చింది, సరుకు. ఆ క్షణం తమ్ముడి కథ చెప్పి ఉంటే ఆమె కరిగిపోయేది, నాకు తెలుసు.

"తిండికి కష్టం లేదు మేడం. మా నాన్న పెట్టాడు. నాకు తెలియనివి ఎవరినడగాలో తెలీక కొన్నేళ్లు పోయాయి. అవి రాశాను."  

మొదటి మేడం మాత్రం పని గురించే అడిగారు. మీ ఇల్లు కూడా ఈ నలభైలో ఉందా అని. ఎమ్మెస్సీలో ఉంది, ఈసారి ఉండదు అన్నాను. ఎందుకు అంటే, నేను రోజూ చూసే డ్రమ్ము మామూలు డ్రమ్ము కాదు మేడం అన్నాను. ఆమె ఏదో రాసుకున్నారు. గణాంకాల పరీక్ష మళ్లీ రాశావా అని కూడా అడిగారు. రాశాను, ఈసారి పాసయ్యాను అని చెప్పాను.

ఫలితం వచ్చేదాకా నేను మనిషిని కాను.  సారు చెప్పిందే నిజమేమో, నా పొగరు నా సీటు తినేసిందేమో అని ల్యాబులో సీసాలు కడుగుతూ కడుగుతూ అనుకునేదాన్ని. అయినా రాసింది మార్చుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. మెయిల్ వచ్చినప్పుడు చేతికి గ్లౌజులున్నాయి, ఫోన్ తెరవడానికి రాలేదు. పళ్లతో లాగేసి చూశాను. ఎంపికయ్యాను.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మా ఊళ్లో ఎవరికన్నా ఏదన్నా వస్తే ఫ్లెక్సీ పడకుండా అయిపోదు.

ఒకరోజు బాపు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నడువు మలక్‌పేటకు" అన్నాడు. దారిలో బస్సులోంచి ఏదో చూశాడట, చేతిలో కటింగ్ ప్లయరు ఉంది. సారు ఆఫీసు ముందు, కరెంటు స్తంభానికీ బాల్కనీకీ కలిపి కట్టిన ఫ్లెక్సీలో నా ముఖం నిలువెత్తున నవ్వుతోంది. అప్లికేషన్ కోసం ఇచ్చిన ఫొటో. పక్కన పెద్ద అక్షరాల్లో: "మురికివాడ నుంచి మహా పరిశోధన దాకా! రోజుకూలీ బిడ్డ ఘనవిజయం – మా శిక్షణతోనే!"

సారు బయటికొచ్చి సంతోషంగా చేతులు చాపారు. "రండి రండి! చూశారా, ఎంత బాగా వచ్చిందో!"

"సారు, నేను డిపోల మెకానిక్‌ను" అన్నాడు బాపు.

"తెలుసండీ, అది ఊరికే... జనానికి స్ఫూర్తిగా ఉంటుందని."

"ఇగ ఈమె అది రాయలే. మీరు రాసింది పంపలే. ఆమె రాసిందే పంపింది, దానికే వచ్చింది. అవునా బిడ్డా?"

"అవును" అన్నాను. "సార్, మీరు నా వ్యాకరణం దిద్దిన్రు. అది రాసుకోండి, నేనే సంతకం పెడ్త. గిది మాత్రం నేను గాదు."

సారు ముఖం చిన్నబోయింది. నాకు ఆ క్షణం జాలేసింది కూడా. కానీ బాపు అప్పటికే ఆఫీసు కుర్చీ ఒకటి బయటికి లాగి ఎక్కాడు. ఒక్కో తీగనూ ప్లయరుతో మెలితిప్పి, జాగ్రత్తగా, చిరగకుండా విప్పాడు. బండికి బోల్టు తీసినంత శ్రద్ధగా తీశాడు. చుట్టూ చేరినవాళ్లు ఏదో రాజకీయ గొడవ అనుకున్నారు. "కొత్తది నేనే ఏయిస్త సారు, మీరు డిపో మెకానిక్ బిడ్డ అని రాస్తమంటే" అన్నాడు దిగుతూ.  మేము ఫ్లెక్సీ చుట్టి, ఆటోలో వేసుకుని ఛత్రినాకకు తెచ్చాం.

అమ్మ దాన్ని వాకిట్లో పరిచి, నా ముఖం మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి చూసింది. మురికివాడ అన్న అక్షరాలు చదివింది. కత్తెర తెచ్చి ఆ అక్షరాలున్న ముక్క ముందు కోసి పారేసింది. మిగిలినదాన్ని తిరగేసి, తెల్లవైపు పైకి వచ్చేలా నీళ్ల డ్రమ్ముకు మూతగా తాడుతో బిగించింది. నా నవ్వు డ్రమ్ము లోపలివైపుకు పోయింది.

"ఇగ దుమ్ము పడది. నీ చదువు మొదలైనంక ఫస్టు మన డ్రమ్ముల నీళ్లే పట్టు. మంచిగొస్తయ్."

"మన ఇల్లు అండ్ల లేదమ్మా. రాసిచ్చిన."

"అందరిండ్లకు పోతవ్, సొంతింటికి రావా? ఏం, నా నీళ్లు పనికిరావా?"

"నువ్వు నా కోసం కడుగుతవ్. నేను వస్తున్ననంటే ముందురోజే కడిగి పెడ్తవ్."

అమ్మ తాడు ముడి ఇంకాస్త గట్టిగా లాగింది.

"కడుగుతనే," అంది, "కడగకుంట ఎట్లుంట?"